వారాల పేర్లు గుర్తుండని పిల్లాడికి సంత రోజుతో నేర్పించడం ఎలా: పల్లావరం అన్నాచ్చి పద్ధతి

పిల్లలకి వారాల పేర్లు రావట్లేదంటే మనం చేసే మొదటి పని పాటలాగా బట్టీ పట్టించడం, ఆదివారం సోమవారం మంగళవారం అని ఊపుకుంటూ పది సార్లు చెప్పించడం. అది చాలామందికి వచ్చేస్తుంది కూడా. అసలు చిక్కు ఆ తర్వాత ఉంటుంది. ఏడు పేర్లూ వరసగా గడగడా చెప్పే పిల్లాడిని "ఇవాళ ఏం వారం రా?" అంటే బిక్కమొహం వేస్తాడు. ఎందుకంటే వాడి దృష్టిలో మంగళవారం ఎలా ఉంటుందో బుధవారం కూడా అచ్చం అలాగే ఉంటుంది, అదే బడి, అదే వ్యాను, అదే టిఫిన్ బాక్సు. రెండు రోజులకీ తేడా కనపడనప్పుడు రెండు పేర్లు ఎందుకు గుర్తుంటాయి?

మా అక్క కొడుకుది ఇదే సమస్య. వాళ్ళు చెన్నైలో పల్లావరం దగ్గర ఉంటారు, బావగారిది నెల్లూరు. వాడికి ఏడేళ్ళు, రెండో క్లాసు. బుధవారం తెల్ల యూనిఫాం వేసుకెళ్ళాలి, మిగతా రోజులు మామూలుది, వాడేమో ఏ రోజు ఏదో తెలీక రోజూ పొద్దున్నే "అమ్మా ఇవాళ తెల్లదా?" అని అడిగేవాడు. చార్టులు గోడకి అంటించారు, ట్యూషన్ మిస్సు రోజూ రాయించింది, ఏం లాభం లేదు. చివరికి వాడికి వారాలు తెలిసేలా చేసింది వీధి చివర కిరాణా కొట్టాయన, అందరూ అన్నాచ్చి అని పిలుస్తారు. ఆయన టీచరేం కాదు, కానీ ఆయన చేసిన పనిలో ఒక క్రమం ఉంది, ఆ క్రమాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నా, మీ ఇంట్లో కూడా అదే వరసలో చెయ్యొచ్చు.

ముందు ఏది రాదో తేల్చుకోండి

పిల్లాడిని రెండు ప్రశ్నలు అడగండి, వేరు వేరు పూటల్లో. మొదటిది "వారాల పేర్లు చెప్పు". రెండోది "గురువారం ముందు ఏం వారం?". మొదటిది వచ్చి రెండోది రాకపోతే వాడికి పాట వచ్చు, వారం రాదు. రెండో ప్రశ్నకి జవాబిచ్చేటప్పుడు వాడి పెదాలు చూడండి, లోపల్లోపల ఆదివారం నుంచి మొదలుపెట్టి గురువారం దాకా వచ్చి, దాని ముందుది ఏదో మర్చిపోయి మళ్ళీ మొదటికి వెళ్తుంటాడు. మావాడు సరిగ్గా ఇదే చేసేవాడు, పైగా ఒక్కోసారి శుక్రవారం చెప్పాక శనివారం మింగేసి ఆదివారానికి దూకేవాడు. పేర్లే రాకపోతే ముందు పాట నేర్పండి, దానికి ఈ పద్ధతి అక్కర్లేదు. పాట వచ్చీ ఇవాళేంటో తెలియని పిల్లాడి కోసమే ఇదంతా.

ఒక్క రోజుకి ఒక్క పేరు

చెన్నైలో మన పిల్లలకి ఉండే అదనపు బరువు ఇది. ఇంట్లో శుక్రవారం, వీధిలో వెళ్ళిక్కిళమై, బడిలో ఫ్రైడే. ఏడు రోజులకి మూడు భాషల్లో కలిపి ఇరవై ఒక్క పేర్లు. దానికి తోడు గురువారం దగ్గర మన తెలుగు ఇళ్ళలోనే గందరగోళం, వాళ్ళ నాయనమ్మ బేస్తారం అంటుంది, అక్క గురువారం అంటుంది, పైఇంటి కాకినాడ ఆంటీ లక్ష్మివారం అంటుంది, వాడేమో అవి మూడు వేరే వేరే రోజులు అనుకున్నాడు! తప్పేముంది, ఎవరూ చెప్పలేదుగా.

అందుకని మొదలుపెట్టే ముందే ఇంట్లో అందరూ కూర్చుని ఒక భాష, ఒక పేరు ఖాయం చేసుకోండి. బడిలో ఏది వాడతారో అది తీసుకుందామని చాలామంది అంటారు కానీ నా ఉద్దేశంలో పిల్లాడు ఇంట్లో మాట్లాడే భాషే మంచిది, ఎందుకంటే "రేపు", "ఎల్లుండి", "మొన్న" లాంటి మాటలు వాడి నోట్లో ఆల్రెడీ ఉంటాయి, వారం పేరు వాటితో కలిసి తిరగాలి. మిగతా భాషల పేర్లు తర్వాత ఒక్కొక్కటిగా అతికించుకోవచ్చు, రోజు అర్థమయ్యాక పేరు ఎంతసేపు. నాయనమ్మని మాత్రం కొన్నాళ్ళు గురువారం అనమని బతిమాలాలి, తప్పదు.

ఒకే ఒక్క రోజుని పట్టుకోండి, ఏడూ కాదు

అన్నాచ్చి చేసిన గొప్ప పని ఇదే. మనమంతా ఏడు రోజులకీ ఏడు గుర్తులు ఒకేసారి చెప్తాం, సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, ఇలా. అప్పుడు పిల్లాడు ఏడు పేర్లతో పాటు ఇంకో ఏడు విషయాలు కూడా బట్టీ పట్టాలి, బరువు రెట్టింపు అవుతుంది తప్ప తగ్గదు. అన్నాచ్చి ఒక్క రోజే తీసుకున్నాడు.

పల్లావరంలో ప్రతి శుక్రవారం సంత జరుగుతుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, స్టేషన్ దగ్గర పాత ట్రంక్ రోడ్డు మీద పరిచేస్తారు, పాత ఫ్యాన్లు, మిక్సీలు, కుర్చీలు, పనిముట్లు, మొక్కలు, కూరగాయలు, కోళ్ళు, లవ్‌బర్డ్స్, చేపలు, అన్నీ దొరుకుతాయి. మిగతా ఆరు రోజులూ అదే చోట మామూలు రోడ్డు. అంటే ఆ రోజుకీ మిగతా రోజులకీ ఉన్న తేడా పిల్లాడి కంటికి కనపడుతుంది.

మావాడికి అన్నాచ్చి కొట్టుకెళ్ళడం ఇష్టం, కొత్తిమీరకో ఇంగువకో అక్క పంపిస్తుంటుంది. ఒకరోజు అన్నాచ్చి, "తంబీ, ఇన్నిక్కి ఎన్న కిళమై?" అని, అంటే ఇవాళ ఏం వారమని, ఊరికే అడిగాడు. వీడు తెల్లమొహం వేశాడు. ఆయనకి తెలుగు బాగానే వచ్చు, ఇంకోలా అడిగాడు, "సరే, సంత ఎప్పుడు?" అని. దానికి వీడు టక్కున "నిన్న కాదు, మొన్న అయిపోయింది, నాన్న నాకు చేప కొనలేదు" అన్నాడు. అన్నాచ్చి అక్కతో చెప్పిన మాట ఇదీ: "అమ్మా, వీడికి వారం తెలుసు, పేరు తెలీదు అంతే. సంత మొన్న అయిందని లెక్క చెప్తున్నాడు చూడండి."

అక్కడ మొదలుపెట్టాడాయన. ఆ వారమంతా వేరే ఏ రోజు పేరూ ఎత్తొద్దన్నాడు. వీడు కొట్టుకి వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "శుక్రవారం సంతకి ఇంకా ఎన్ని రోజులు?". శుక్రవారం సాయంత్రం బడి నుంచి రాగానే బావ వాడిని సంతకి తీసుకెళ్ళాలి, రెండు గప్పీ చేపలు కొనాలి, ఇది ఒప్పందం. నీళ్ళు నింపి రబ్బరు బ్యాండు వేసిన పాలిథిన్ కవరులో ఆ రెండు చేపల్ని వాడు రెండు చేతుల్తో పట్టుకుని ఆటోలో దారంతా కదలకుండా కూర్చున్నాడు. తర్వాతి శుక్రవారం చేపల మేత, ఆ తర్వాతది తొట్టిలో వెయ్యడానికి నాచు మొక్క. ప్రతిసారీ చిన్నదే, ఇరవై ముప్పై రూపాయల పని, కానీ ప్రతిసారీ శుక్రవారమే.

మీ పిల్లాడికి ఏ రోజుని పట్టుకోవాలో ఇలా చూసుకోండి. ఆ పని వారానికి ఒక్కసారే జరగాలి. మా అక్క ముందు గుడిని అనుకుంది కానీ వాళ్ళు మంగళవారం, శుక్రవారం రెండు రోజులూ వెళ్తారు, అది పనికిరాదు, పిల్లాడికి ఏది ఏదో తెలీదు. పిల్లాడు స్వయంగా వెళ్ళి చేతులతో ఏదో పట్టుకునే పని అయ్యుండాలి, ఇంట్లో కూర్చుని వినేది కాకూడదు. వాడు ముందునుంచీ ఎదురుచూసేదై ఉండాలి, ఎందుకంటే ఎదురుచూసే పిల్లాడు రోజులు తనంతట తనే లెక్కపెడతాడు. హైదరాబాద్‌లో అయితే చాలా కాలనీల్లో వారానికోసారి కూరగాయల మార్కెట్ వస్తుంది, ఒక్కో ఏరియాకి ఒక్కో రోజు, అది భేషుగ్గా సరిపోతుంది, ఎర్రగడ్డ వైపు ఉంటే ఆదివారం మార్కెట్ ఉండనే ఉంది. ఊళ్ళో ఉంటే వారపు సంత. ఏదీ లేని అపార్ట్‌మెంట్ అయితే వారానికోసారి వచ్చే ఇస్త్రీ బట్టల లెక్కో, లైబ్రరీనో చూడండి, కాకపోతే సంతకి ఉన్నంత పట్టు వాటికి ఉండదు.

ఈ మెట్టు మీద తొందరపడొద్దు. "సంత ఏ వారం?" అంటే ఆలోచించకుండా శుక్రవారం అనాలి, "శుక్రవారం ఏముంటుంది?" అంటే సంత అనాలి, రెండు వైపుల నుంచీ రావాలి. అప్పటిదాకా రెండో రోజు జోలికి వెళ్ళొద్దు.

దాని ఇరుగుపొరుగు

శుక్రవారం గట్టిపడ్డాక సోమవారం దగ్గరికి పరిగెత్తకూడదు, దాని పక్కనున్న రెండు రోజులే తీసుకోవాలి. ముందు గురువారం. అన్నాచ్చి కొట్టు ముందు మెట్ల మీద పూలమ్మ ఒకావిడ కూర్చుంటుంది, రోజూ ఉంటుంది కానీ గురువారం సాయంత్రం మాత్రం శుక్రవారం పూజల కోసం మల్లెపూల గుట్ట మూడింతలు ఉంటుంది, పక్కన నిమ్మకాయల బుట్ట కూడా చేరుతుంది. అన్నాచ్చి వాడికి చూపించి "పూల గుట్ట పెద్దదైతే రేపు సంత" అన్నాడు. చూడండి, ఆయన "ఇది గురువారం" అని మొదలుపెట్టలేదు, "రేపు సంత" అన్నాడు. పేరు రెండో వాక్యంలో వచ్చింది, "రేపు సంత ఉన్న రోజు గురువారం". వాడికి తెలిసిన రోజుకి కట్టి తెలియని రోజుని చెప్పడమంటే ఇది.

శనివారం ఇంకో వైపు. తమిళనాడులో శనివారం నువ్వులనూనె తలంటు చాలా ఇళ్ళలో ఉంది, అన్నాచ్చి కొట్లో ఆ పొద్దున నల్లెణ్ణెయ్, అంటే ఆ నువ్వులనూనె చిన్న ప్యాకెట్లు, సీకాయ పొడి ముందు వరసలోకి వస్తాయి. అక్క కూడా శనివారం వాడికి తలంటడం మొదలుపెట్టింది. "నిన్న సంత అయింది, ఇవాళ కళ్ళు మండాయి, ఇవాళ శనివారం" అని వాడే వాక్యం తయారుచేసుకున్నాడు.

ఈ దశలో మీరు వాడాల్సిన మాటలు నిన్న, ఇవాళ, రేపు. పేరు ఒంటరిగా అడగకండి. "ఇవాళ గురువారం అయితే రేపేంటి? నిన్న సంత అయితే ఇవాళేంటి?" ఇలా అడగండి. పాటలో రోజులు ఎప్పుడూ ముందుకే పోతాయి, వెనక్కి రావు, అందుకే "ముందు రోజు" అడిగితే పిల్లలు తడబడతారు. మధ్యలో ఉన్న రోజు నుంచి రెండు వైపులకీ నడిపిస్తే వెనక్కి నడవడం కూడా మొదటినుంచే అలవాటవుతుంది. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదేనని నాకనిపిస్తుంది.

మిగిలిన నాలుగూ

ఆదివారం ఎవరూ నేర్పక్కర్లేదు, బడి లేదు, మటన్ కొట్టు ముందు క్యూ, అన్నాచ్చి కొట్లో అల్లం వెల్లుల్లి కొబ్బరికాయలు హడావుడిగా అమ్ముడవుతాయి. కష్టం సోమ, మంగళ, బుధ. బడి పిల్లాడికి ఇవి మూడూ ఒకటే రోజు.

ఇక్కడ అన్నాచ్చి తన కొట్టు వారాన్నే వాడాడు. కిరాణా కొట్టుకి సరుకు ఆర్డర్ల కోసం తిరిగే కంపెనీ లైన్ మనుషులు వాళ్ళిష్టం వచ్చినప్పుడు రారు, ఒక్కో లైనుకి ఒక్కో రోజు ఖాయంగా ఉంటుంది, అంటే కొట్టువాడి వారం పుట్టుకతోనే గుర్తులతో నిండి ఉంటుంది. వాళ్ళ వీధికి బిస్కెట్ కంపెనీ ఆర్డరు మనిషి సోమవారం వస్తాడు, సరుకు వ్యాను బుధవారం వస్తుంది. సోమవారం వాడు ఏ బిస్కెట్ కావాలో అన్నాచ్చికి చెప్పాలి, బుధవారం సాయంత్రం వచ్చి అట్టపెట్టె కొయ్యగానే మొదటి ప్యాకెట్ వాడిదే, డబ్బులు అక్క ఖాతాలో. బుధవారం అంటే తెల్ల యూనిఫాం కూడా, "తెల్ల చొక్కా మీద చాక్లెట్ క్రీం పూసుకోకు" అని అన్నాచ్చి ప్రతి బుధవారం అనేవాడు, ఆ ఒక్క మాటతో బిస్కెట్టు, యూనిఫాం, బుధవారం మూడూ ముడిపడ్డాయి.

మంగళవారం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. కొట్టు పక్కన సెలూన్ ఉంది, చెన్నైలో చాలా సెలూన్లు మంగళవారం మూస్తారు. మొదట అన్నాచ్చి "సెలూన్ లేని రోజు మంగళవారం" అన్నాడు, అది పని చెయ్యలేదు. లేనిదాన్ని పిల్లలు గమనించరు, ఉన్నదాన్నే గమనిస్తారు. తర్వాత ఆయనే మార్చాడు. సెలూన్ మూసి ఉంటుంది కాబట్టి దాని అరుగు మీద ఆ రోజు ఉల్లిపాయల బస్తా విప్పి గోనెల మీద ఆరబోస్తాడు, కుళ్ళినవి ఏరడం వీడికి అప్పజెప్పాడు. ఇప్పుడు మంగళవారానికి వాసన కూడా వచ్చింది. మీరు గుర్తు వెతికేటప్పుడు ఇది చూసుకోండి, "ఆ రోజు ఫలానాది ఉండదు" అనే గుర్తు ఎప్పుడూ బలహీనమే.

గుర్తులు తీసెయ్యడం

ఏడూ వచ్చాయని ఇక్కడ ఆగిపోతే పిల్లాడు కొట్టు దాకా వెళ్ళి అరుగు చూస్తేగానీ వారం చెప్పలేడు. అన్నాచ్చి దీనికి గోడ మీద ఉండే డైలీ షీట్ క్యాలెండర్ వాడాడు, అదే రోజుకో కాగితం చింపేది, రాహుకాలం అవీ ఉంటాయి చూడండి. పొద్దున బడి వ్యాను ఎక్కేముందు వాడొచ్చి నిన్నటి కాగితం చింపాలి, కానీ చింపే ముందు కింద ఏం వారం ఉందో చెప్పాలి. చెప్పాక చింపి సరిచూసుకోవాలి. పొద్దున ఏడున్నరకి పూలగుట్టా ఉండదు, ఉల్లిపాయలూ ఉండవు, సరుకు వ్యానూ రాదు, బుర్రలోంచే తియ్యాలి. తప్పు చెప్తే అన్నాచ్చి సరిచేసేవాడు కాదు, "సంత ఎప్పుడైంది?" అని మాత్రం అడిగేవాడు, వాడు అక్కడినుంచి నడుచుకుంటూ వచ్చి తనే దిద్దుకునేవాడు. ఇంట్లో అయితే ఆ క్యాలెండర్ ఒకటి కొని బాత్రూం తలుపు పక్కన తగిలించండి.

గుర్తులు అక్కర్లేని స్థితికి వచ్చాడని ఎలా తెలుస్తుందంటే, పెదాలు కదలడం ఆగిపోతుంది. బుధవారం ముందు ఏంటి అంటే ఒక్క క్షణంలో మంగళవారం అంటాడు, మళ్ళీ అడిగితే విసుక్కుంటాడు కూడా.

ఎక్కడ బెడిసికొడుతుంది

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వానలు. ఒక శుక్రవారం వాన దంచికొట్టింది, సంత పెద్దగా పరుచుకోలేదు, మావాడు "సంత లేదు కాబట్టి ఇవాళ శుక్రవారం కాదు" అని భీష్మించుకున్నాడు. ఇది తప్పకుండా వస్తుంది, వచ్చినప్పుడు వాదించకుండా ఇరుగుపొరుగుని అడగండి. "నిన్న పూలగుట్ట చూశావా? రేపు తలంటు ఉందా? మరి మధ్యలో ఉన్నదేంటి?" అప్పుడు సంత రాకపోయినా శుక్రవారం వస్తుందని వాడికి తెలుస్తుంది. నిజానికి ఆ వాన పడ్డ శుక్రవారమే వాడికి వారం పూర్తిగా అర్థమైందని నేననుకుంటా.

పండగ సెలవులు ఇంకో తంటా. సంక్రాంతికి బుధవారం బడి లేకపోతే వాడు ఆదివారం అంటాడు, ఎందుకంటే వాడికి ఆదివారం అంటే బడి లేకపోవడమే. అందుకే ఆదివారాన్ని సెలవుతో కాకుండా మటన్ క్యూతోనో మరోదానితోనో కట్టాలి. ఎండాకాలం సెలవులకి నెల్లూరు వెళ్తే అక్కడ పల్లావరం సంత ఉండదు, క్యాలెండర్ ఒకటి వెంట తీసుకెళ్ళండి, "ఇవాళ అన్నాచ్చి ఏం చేస్తుంటాడు?" అని రోజూ ఒక్కసారి అడగండి చాలు.

ఇది సరిపోనప్పుడు

కొంతమంది పిల్లలకి వరస అనేదే కష్టం. నెలల పేర్లు, ఎక్కాలు, అక్షరాల క్రమం కూడా అలాగే జారిపోతుంటాయి, చదవడం తోటి పిల్లలకన్నా బాగా వెనకపడి ఉంటుంది, కుడి ఎడమ కూడా తికమకే. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఇవన్నీ కలిసి తరచుగా కనిపిస్తాయి. ఏడెనిమిదేళ్ళు వచ్చి, వారాలతో పాటు ఇలాంటివి ఇంకో రెండు మూడు కూడా ఉంటే స్పెషల్ ఎడ్యుకేటర్‌కో పిల్లల సైకాలజిస్ట్‌కో చూపించండి. వెళ్ళేటప్పుడు ఏవి వచ్చు, ఏవి జారిపోతున్నాయి, మీరు ఏ రోజుని పట్టుకుని ఎన్నాళ్ళు ప్రయత్నించారు అన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి, వాళ్ళకి పనికొస్తుంది. సంత పద్ధతి ఈలోపు ఆపక్కర్లేదు, అలాంటి పిల్లలకి కూడా కంటికి చేతికి తగిలే గుర్తు బట్టీకన్నా నయమే, కాకపోతే ఒక్కో రోజు గట్టిపడటానికి ఎక్కువ వారాలు పడుతుంది, అంతవరకూ శుక్రవారం ఒక్కదాని మీదే ఉండండి.